మిషన్‌ని ఎప్పుడు ముట్టుకోకూడదు?

అమెరికాలోని న్యూహాంప్‌షైర్ రాష్ట్రంలో నాషువా కార్పొరేషన్ అనే కంపెనీ ఉండేది. కార్బన్ పేపర్ పెట్టకుండానే, పై కాగితం మీద రాసింది కింది కాగితం మీద పడే రకం కాగితాన్ని అది తయారుచేసేది. మన బ్యాంకుల్లో, లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుల్లో రసీదు పుస్తకాలుగా వాడేది ఆ కాగితమే. దాని గుట్టంతా మీద వేసే రసాయనాల పూతలో ఉంటుంది. నిమిషానికి సుమారు 1,100 అడుగుల వేగంతో కాగితం పరుగెడుతూ ఉంటే, పూత యంత్రం ప్రతి 3,000 చదరపు అడుగులకూ దాదాపు 3.6 పౌండ్ల పూత వేసేది. పూత పలచబడితే అక్షరం తేలదు. మందమైతే అక్షరం బాగానే పడుతుంది గానీ ఖర్చు పెరుగుతుంది.

అందుకని మధ్యమధ్య కాగితం ముక్కలు తీసి పరీక్షించేవారు. అక్షరం మసకగా పడితే ఆపరేటర్ పూత పెంచేవాడు, మరీ ముదురుగా పడితే తగ్గించేవాడు. సెట్టింగ్ మార్చాలంటే లైన్ ఆపాలి, ఆపిన ప్రతిసారీ నష్టమే. అయినా అది రోజువారీ పనిలో భాగమైపోయింది. పూత అవసరానికి మించి పడుతోందని ఇంజినీర్లకు తెలుసు. తగ్గిద్దామంటే, ఎక్కడైనా పలచబడిపోతుందేమోనని భయం. చివరికి 7 లక్షల డాలర్లు పెట్టి కొత్త పూత యంత్రం కొందామా అనే దాకా వచ్చింది.

1979 ఆగస్టులో ప్లాంట్ మేనేజర్ గణాంక నిపుణుల సాయం అడిగాడు. యంత్రాన్ని ఎవరూ ముట్టుకోకుండా కొంతకాలం వదిలేసి, కొలతలు రాసి, చార్ట్ గీసి చూశారు. తేలింది ఏమిటంటే, దాని మానాన దాన్ని వదిలేస్తే యంత్రం 3.0 పౌండ్ల దగ్గర, అటూ ఇటూ 0.4 పౌండ్ల తేడాతో, నిలకడగానే పనిచేస్తోంది. ఆ తర్వాత చార్ట్ మీద హద్దు దాటిన చుక్కలను పట్టుకుని, ఒక్కొక్క దాని కారణాన్నీ వెతికి తీసేశారు. 1980 ఏప్రిల్ నాటికి సగటు పూత 2.8 పౌండ్లకు దిగింది. నాణ్యత చెడలేదు, కొత్త యంత్రం కొనలేదు, ఏటా 8 లక్షల డాలర్లు మిగిలాయి. నాషువాకు సలహాదారుగా ఉన్న డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ ఈ సంగతిని తన ‘అవుట్ ఆఫ్ ది క్రైసిస్’ పుస్తకంలో వివరంగా రాశాడు. ఆపరేటర్ సోమరి కాదు, పని రానివాడూ కాదు. తనకు నేర్పినట్టే, ఒళ్లు దగ్గర పెట్టుకుని మరీ సరిచేస్తూ, ఉన్న హెచ్చుతగ్గులను ఇంకా పెంచుతున్నాడు.

సరిచేస్తే చెడడం ఏమిటి? కంట్రోల్ చార్ట్ పుట్టిందే ఈ చిక్కును విప్పడానికి.

దాన్ని మొదట గీసినవాడు వాల్టర్ షూహార్ట్. వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ, 1924 మే 16న తన పైఅధికారికి ఒక పేజీ నోట్ పంపాడు. అందులో మూడో వంతు స్థలం ఒక చిన్న బొమ్మదే. ఏ రెండు వస్తువులూ అచ్చంగా ఒకేలా తయారవ్వవన్నది ఆయన ఆలోచనకు పునాది. ముడిసరుకులో కాస్త తేడా, కరెంటు వోల్టేజీలో కాస్త ఊగిసలాట, బేరింగ్ వదులు, గదిలో తేమ, ఇలాంటి చిన్నచిన్న కారణాలు వందల కొద్దీ కలిసి ప్రతి వస్తువులోనూ ఎంతో కొంత తేడా తెస్తాయి. వీటిలో ఏ ఒక్కటీ విడిగా పేరుపెట్టి పట్టుకోదగ్గంత పెద్దది కాదు. ఇవి సాధారణ కారణాలు. అప్పుడప్పుడు వీటికి తోడుగా బయటినుంచి ఒకటి వచ్చిపడుతుంది: బోల్టు వదులవుతుంది, వేరే రకం సరుకు వస్తుంది, సెన్సర్ పాడవుతుంది. ఇది ప్రత్యేక కారణం. వెతికితే దొరుకుతుంది, దొరికితే తీసేయొచ్చు. కొలతలో కనిపించిన తేడా ఏ రకానిదో కంటికి తెలియదు. అది చెప్పడమే చార్ట్ పని.

ఎలా చెబుతుందో ఓ లెక్క వేసి చూద్దాం. 500 గ్రాముల కారం ప్యాకెట్లు నింపే చిన్న యూనిట్ ఒకటి ఉందనుకుందాం. అంకెలు ఊహించినవే అయినా లెక్క అసలైనదే. హాపర్‌లో కారం పోస్తారు, కింద మరలాంటి స్క్రూ లెక్కగా కొన్ని చుట్లు తిరిగి ప్యాకెట్‌లోకి కారం దింపుతుంది. ఇక్కడ ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఈ మిషన్ కొలిచేది బరువును కాదు, పరిమాణాన్ని. కారం మెత్తగా దట్టంగా ఉంటే అదే పరిమాణానికి బరువు పెరుగుతుంది, పొల్లుగా ఉంటే తగ్గుతుంది.

అరగంటకోసారి వరసగా వచ్చిన అయిదు ప్యాకెట్లు తీసి తూచారు. ఒకసారి 499, 505, 502, 500, 507 గ్రాములు వచ్చాయి. సగటు 502.6. అతి ఎక్కువకూ అతి తక్కువకూ మధ్య తేడా 8. దీన్ని ‘రేంజ్’ అంటారు. ఇలా ఇరవైసార్లు, అంటే వంద ప్యాకెట్లు తూచి, సగటుల సగటు చూస్తే 502.0 వచ్చింది. రేంజ్‌ల సగటు 7.0.

ఇప్పుడు హద్దులు. అయిదేసి కొలతల గుంపుకు పట్టికలో 0.577 అనే గుణకం ఉంటుంది. దాన్ని 7తో గుణిస్తే సుమారు 4. కాబట్టి సగటు చార్ట్‌కు నడిమి గీత 502 దగ్గర, ఎగువ హద్దు 506 దగ్గర, దిగువ హద్దు 498 దగ్గర గీస్తారు. రేంజ్‌కు ఇంకో చార్ట్ వేయాలి. దాని ఎగువ గుణకం 2.114, 7తో గుణిస్తే 14.8. అయిదు కొలతల గుంపుకు రేంజ్ చార్ట్‌లో దిగువ హద్దు సున్నాయే. ఈ గుణకాల వెనక ఉన్నది షూహార్ట్ పెట్టిన ‘త్రీ సిగ్మా’ లెక్క. మామూలు హెచ్చుతగ్గులు ఎంత వెడల్పున ఉంటాయో కొలిచి, అటు మూడింతలు, ఇటు మూడింతలు చోటు వదలడం.

ఈ హద్దులు ఎవరో కోరుకున్నవి కావన్నది ఇక్కడ ముఖ్యం. ‘మా ప్యాకెట్ 495 కంటే తగ్గకూడదు’ అనేది యజమాని కోరిక, లేదా కొనేవాడి షరతు. 498, 506 అనేవి మిషన్ తన గురించి తాను చెప్పుకున్న అంకెలు. చాలా ఫ్యాక్టరీల్లో గోడకు తగిలించిన చార్ట్‌ల మీద షరతు గీతలు గీసేసి వాటినే కంట్రోల్ హద్దులని పిలుస్తుంటారు. అలా చేస్తే చార్ట్ వేసినట్టు కాదు. పైగా ఈ చార్ట్ మీద పడేవి అయిదేసి ప్యాకెట్ల సగటులు. విడి ప్యాకెట్లు ఇంకా విస్తారంగా చెదిరి ఉంటాయి. ఈ మిషన్‌కు ఒక్కో ప్యాకెట్ బరువులోని సిగ్మా 3 గ్రాములు. అంటే ఏ తప్పూ జరగని రోజున కూడా ప్యాకెట్లు 493 నుంచి 511 దాకా వస్తాయి.

మర్నాడు పొద్దున చుక్కలు ఇలా పడ్డాయి: 501.2, 503.4, 500.3, 499.0. నాలుగోది చూసి సూపర్‌వైజర్‌కు చెయ్యి దురద పుడుతుంది. బరువు తగ్గుతోంది, స్క్రూ చుట్లు కాస్త పెంచితే మంచిదనిపిస్తుంది. చార్ట్ మాత్రం 499 హద్దు లోపలే ఉందంటోంది. నిన్నటి ఇరవై గుంపుల్లో ఎంత చెదురు ఉందో ఇదీ అందులోదే. దీనికి విడిగా కారణం లేదు కాబట్టి వెతికినా దొరకదు. సెట్టింగ్ మారిస్తే మాత్రం కారణం లేనిచోట ఒక కారణాన్ని తెచ్చిపెట్టినట్టవుతుంది.

ఎంత నష్టమో లెక్కకట్టవచ్చు. ఓ ఆపరేటర్ ప్రతి ప్యాకెట్‌నూ తూచి, లక్ష్యానికి ఎంత తగ్గితే అంత పెంచుతూ, ఎంత పెరిగితే అంత తగ్గిస్తూ పోయాడనుకోండి. ఒక ప్యాకెట్ యాదృచ్ఛికంగా 4 గ్రాములు తగ్గింది. అతను 4 గ్రాములు పెంచాడు. తర్వాతి ప్యాకెట్ తన సొంత తేడాతో వస్తుంది, దానికి ఈ అనవసరపు 4 గ్రాములు కలుస్తాయి. ఇలా ప్రతి ప్యాకెట్ మోసేది ఒక తేడా కాదు, రెండు: తనది ఒకటి, ముందుదాని నుంచి తలకిందులుగా అంటుకున్నది ఒకటి. దాంతో చెదురు 41 శాతం పెరుగుతుంది. 493–511 మధ్య వచ్చే ప్యాకెట్లు 489–515 మధ్యకు జారుతాయి. నాషువా ఆపరేటర్ చేతిలో జరిగింది ఇదే. డెమింగ్ తన క్లాసుల్లో గరాటులోంచి గోళీలు కిందికి వదిలి, గుర్తు మీద పడకపోతే గరాటును జరుపుతూ, ఈ సంగతి అందరి కళ్లముందూ చూపించేవాడు.

అయితే ఏమీ చేయకుండా కూర్చోవడమేనా అంటే, కాదు. అదే రోజు మధ్యాహ్నం ఒక గుంపు బరువులు 502, 503, 501, 488, 505. సగటు 499.8, హద్దుల లోపలే ఉంది. సగటు చార్ట్ ఒక్కటే ఉంటే ఇది గుర్తుపట్టకుండా దాటిపోయేది. రేంజ్ 17. హద్దేమో 14.8. ఇక్కడ ఆగాలి. నాలుగు ప్యాకెట్లు మామూలుగా ఉండి ఒకటి మాత్రం 488కి పడిపోయిందంటే, కారం సగటున తక్కువ దిగుతున్నట్టు కాదు, ఏదో ఒక ప్యాకెట్‌కు అడ్డం పడిందన్నమాట. స్క్రూ కింది మూతి దగ్గర చూస్తే తడికి ఉండకట్టిన కారం కనిపించవచ్చు. రెండు చార్ట్‌లలో రేంజ్‌ను ముందు చూడమని అనుభవజ్ఞులు చెప్పేది ఇందుకే. సగటు చార్ట్ హద్దులు రేంజ్ నుంచే వచ్చాయి. రేంజ్ అదుపు తప్పితే ఆ హద్దులకూ విలువ ఉండదు.

మూడో సంఘటన మరీ మెల్లగా జరుగుతుంది. భోజనాల తర్వాత చుక్కలు: 503.1, 504.0, 503.2, 504.6, 503.8, 505.0, 503.5, 504.4. ఒక్కటీ 506 దాటలేదు. కానీ ఎనిమిదికి ఎనిమిదీ నడిమి గీతకు పైనే. మిషన్ మారకుండా ఉంటే ఒక్కో చుక్క పైన పడటానికీ కింద పడటానికీ సమాన అవకాశం. వరసగా ఎనిమిది పైనే పడటమంటే, నాణెం ఎగరేసినప్పుడు వరసగా ఎనిమిదిసార్లు బొమ్మ పడినట్టే. దానికి 256లో ఒక్క అవకాశం. ఇది నమ్మడం కంటే ఏదో మారిందని నమ్మడం తేలిక. చార్ట్ కింద రాసిన వివరాలు చూస్తే భోజనాల తర్వాత కొత్త బ్యాచ్ కారం పోశారని ఉంది. అది మరింత మెత్తగా ఆడించినది. అదే చుట్టుకు ఎక్కువ బరువు దిగుతోంది. ప్యాకెట్‌కు దాదాపు 2 గ్రాములు ఎక్కువ. రోజుకు పదివేల ప్యాకెట్లు నింపే చోట ఇది 20 కిలోల కారం. ఇప్పుడు స్క్రూ చుట్లు తగ్గించడం సరైన పని. పొద్దున 499ని చూసి చేయకూడదన్నది, ఇప్పుడు చేయాల్సింది, చేతికి ఒకే పని. తేడా అంతా చార్ట్ ఇచ్చిన సాక్ష్యంలో ఉంది.

‘వరసగా ఎనిమిది’ అనే సూత్రం వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ 1956లో వేసిన క్వాలిటీ కంట్రోల్ పుస్తకంలోది. హద్దు దాటిన ఒక్క చుక్క, హద్దుకు దగ్గరగా ఒకే వైపున మూడింటిలో రెండు చుక్కలు, ఇలాంటివి అందులో మరికొన్ని ఉన్నాయి. నాషువాలోనే పనిచేసిన లాయిడ్ నెల్సన్ 1984లో ఎనిమిది సూత్రాల జాబితా ఇచ్చాడు. ఇప్పుడు కంప్యూటర్ ప్రోగ్రాములు వీటన్నిటినీ ఒక్క క్లిక్‌తో చార్ట్‌కు తగిలించేస్తాయి, చార్ట్ నిండా ఎర్ర చుక్కలు మెరుస్తాయి. ఇది మంచి అలవాటు కాదు. త్రీ సిగ్మా హద్దు ఒక్కటే పెట్టుకుంటే, ఏమీ జరగకపోయినా చుక్క బయటపడే అవకాశం సుమారు 370లో ఒకటి. షిఫ్టుకు 16 చుక్కల లెక్కన ఇరవై మూడు షిఫ్టులకోసారి. వెస్టర్న్ ఎలక్ట్రిక్ నాలుగు ప్రధాన సూత్రాలూ కలిపి వాడితే ఉత్తుత్తి హెచ్చరిక సగటున 92 చుక్కలకోసారి వస్తుంది. ఇంకా చేర్చుకుంటూ పోతే జనం చార్ట్‌ను నమ్మడం మానేస్తారు. మెల్లగా జారే తేడాల భయం ఉన్నచోట హద్దు దాటడం, వరసగా ఎనిమిది, ఈ రెండూ పెట్టుకుంటే చాలా పనులకు సరిపోతుంది.

మరి హద్దును ఇంకా దగ్గరికి, టూ సిగ్మాకు తెస్తేనో? అప్పుడు ఏ తప్పూ లేకుండానే ఇరవై రెండు చుక్కలకు ఒకటి బయట పడుతుంది. దాదాపు ప్రతి షిఫ్టులోనూ ఎవరో ఒకరు లేని దొంగను వెతుకుతూ ఉంటారు. అటువైపు కూడా చూడాలి. మిషన్ నిజంగానే 3 గ్రాములు పక్కకు జరిగితే, త్రీ సిగ్మా హద్దు దాన్ని మొదటి చుక్కలోనే పట్టే అవకాశం 22 శాతమే. సగటున నాలుగైదు చుక్కలు పడుతుంది. అంటే రెండు గంటల పైమాటే. లేని కారణం వెంట పరుగెత్తడం ఒక తప్పు, ఉన్న కారణాన్ని వదిలేయడం ఇంకో తప్పు. రెండూ ఒకేసారి సున్నా కావు. రెండింటి నష్టాన్నీ బేరీజు వేసుకుంటే మూడు సిగ్మాలు గిట్టుబాటుగా ఉంటుందన్నది షూహార్ట్ తీర్పు. 1931లో వచ్చిన ఆయన పుస్తకం పేరులో ‘ఎకనమిక్ కంట్రోల్’ అన్న మాట ఉన్నది అందుకే.

చార్ట్ మరీ అందంగా ఉన్నా అనుమానించాల్సిందే. చుక్కలన్నీ నడిమి గీతను అంటిపెట్టుకుని, హద్దుల వైపు ఒక్కటీ వెళ్లకపోతే, మిషన్ అద్భుతంగా ఉందని మురిసిపోతారు. సాధారణంగా అసలు సంగతి వేరే ఉంటుంది. మిషన్‌కు రెండు మూతులున్నాయనుకుందాం. ఒకటి 498 దగ్గర, రెండోది 506 దగ్గర నింపుతోంది. ప్రతి గుంపులోనూ రెండింటి ప్యాకెట్లూ కలిపి తీస్తే రేంజ్ ఉబ్బిపోతుంది. దాంతో హద్దులు దూరం జరుగుతాయి, సగటులు మాత్రం మధ్యలోనే పడుతుంటాయి. 8 గ్రాముల లోపం చార్ట్ మీద ప్రశాంతంగా దాక్కుంటుంది. మందు, ఒక్కో మూతికీ వేరే చార్ట్. ఇంకో కారణం కూడా ఉండొచ్చు, దాన్ని గట్టిగా పైకి అనరు గానీ క్యూసీ వాళ్లందరికీ తెలుసు: తూచకుండానే అంకెలు నింపేయడం. మనిషి ఊహించి రాసే అంకెలు నిజం అంకెలంత చెదరవు.

కంట్రోల్‌లో ఉండటానికీ, బాగుండటానికీ సంబంధం లేదన్న మాట కూడా చెప్పుకోవాలి. ఏ ప్యాకెట్టూ 495 కంటే తగ్గకూడదన్నది షరతైతే, పైన చెప్పుకున్న మిషన్ ఎంత నిలకడగా ఉన్నా వెయ్యికి పది ప్యాకెట్ల దాకా తప్పుతుంది. చార్ట్ మీద ఒక్క హెచ్చరికా రాదు. ఎందుకంటే ఇక్కడ ప్రత్యేకంగా ఏదీ జరగలేదు, మిషన్ స్థాయే అంత. ఈ పది ప్యాకెట్లకు ఆపరేటర్‌ను పిలిచి తిట్టడం దండగ. సగటు పెంచి ఎక్కువ కారం పోయాలి, లేదా హాపర్‌లో కారం మట్టం ఒకేలా ఉండే ఏర్పాటు చేయాలి, లేదా బరువు తూచి నింపే మిషన్ కొనాలి. మూడూ యజమాని చేతిలోవే. ఫ్యాక్టరీల్లోని సమస్యల్లో 94 శాతం వ్యవస్థవే, అవి యాజమాన్యమే తీర్చాలని డెమింగ్ అంచనా వేసేవాడు. ఆ అంకెను అక్షరాలా పట్టుకోనక్కర్లేదు. కానీ చార్ట్ లోపల పడిన చుక్కకు కార్మికుడి మీద మెమో రాసే మేనేజర్లు మన దగ్గర తక్కువేం లేరు.

ఈ విద్య మన దేశానికి కొత్త కాదు. మహలనోబిస్ పిలుపు మీద 1947–48లో షూహార్ట్ స్వయంగా భారతదేశానికి వచ్చి, ఇక్కడి ఫ్యాక్టరీలు తిరిగి, క్వాలిటీ కంట్రోల్ గురించి చెప్పాడు. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఆ తర్వాత పరిశ్రమలకు సాయం చేసేందుకు పలు నగరాల్లో ప్రత్యేక యూనిట్లు తెరిచింది. హైదరాబాద్‌లోనూ ఒకటి ఉంది.

సొంతంగా మొదలుపెట్టాలనుకునే చిన్న యూనిట్ వాళ్లకు సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక గ్రాఫ్ పుస్తకం, నమ్మదగ్గ తూకం మిషన్, అయిదేసి చొప్పున ఇరవై గుంపుల కొలతలు, 0.577, 2.114 అనే రెండు గుణకాలు చాలు. ఆ ఇరవై గుంపులు తీసేటప్పుడు సెట్టింగ్ ముట్టుకోవద్దు. ఏదైనా చుక్క అప్పటికే హద్దు దాటి ఉండి, దాని కారణం దొరికితే, ఆ గుంపును తీసేసి హద్దులు మళ్లీ లెక్కించండి. కారణం దొరక్కపోతే చుక్కను అలాగే ఉంచండి. చార్ట్ కింద ఒక వరస ఖాళీగా వదిలి బ్యాచ్ మార్పు, షిఫ్టు మార్పు, కరెంటు పోవడం, రిపేరు, అన్నీ టైముతో సహా రాయించండి. చుక్క హద్దు దాటిన రోజున కారణం దొరికేది సాధారణంగా ఆ వరసలోనే.